సమాంతర చతుర్భుజం మీద డబుల్ ఇంటిగ్రల్: 12.5 రావాల్సింది 312.5 వస్తోంది, జాకోబియన్ దగ్గర ఏం తేడా?

భీమవరం_ఈసీఈ
నిన్న రాత్రి నుంచి ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయా. 3x − y = 0, 3x − y = 5, 2y − x = 0, 2y − x = 5 అని నాలుగు గీతలు ఇచ్చి, వాటి మధ్య ఉన్న ఏరియా మీద (3x − y) ని ఇంటిగ్రేట్ చెయ్యమన్నాడు. నేను p = 3x − y, q = 2y − x అనుకున్నా, రెండూ 0 నుంచి 5 దాకా వెళ్తాయి కాబట్టి చక్కటి చదరం అయిపోయింది. జాకోబియన్ 3·2 − (−1)(−1) = 5. p ని ఆ చదరం మీద ఇంటిగ్రేట్ చేస్తే 62.5, జాకోబియన్ తో గుణించాలి కదా అని 5 తో గుణిస్తే 312.5. పుస్తకం వెనక చూస్తే 25/2 అని ఉంది. లిమిట్స్ నాలుగు సార్లు చూసుకున్నా, డిటర్మినెంట్ ఆరు సార్లు చూసుకున్నా. పుస్తకంలో తప్పు పడిందా?

రూల్_ఈజ్_రూల్
పుస్తకం కరెక్టే, నీ లిమిట్స్ తప్పు. 0 నుంచి 1 వెయ్యాలి. నేను ఇప్పుడే చేశా. మూలలు (0,0), (2,1), (3,4), (1,3). అంటే x = 2u + v, y = u + 3v పెట్టి u, v రెండూ 0 నుంచి 1 తీసుకుంటే బొమ్మ మొత్తం వస్తుంది. జాకోబియన్ 2·3 − 1·1 = 5, నీకు వచ్చిందే. 3x − y అంటే 5u. 5u ని 5 తో గుణించి ఇంటిగ్రేట్ చేస్తే 25/2. జాకోబియన్ తో ఎప్పుడూ గుణించడమే, ఆ రూల్ మారదు.

భీమవరం_ఈసీఈ
@రూల్_ఈజ్_రూల్ కానీ నా p కి 5 దాకా అని లెక్కలోనే ఇచ్చాడు కదా బ్రో, గీత 3x − y = 5 అని రాసుంటే నేను 1 ఎలా వేస్తా? నీ u, నా p ఒకటే కాదేమో. జాకోబియన్ మాత్రం ఇద్దరికీ 5 వచ్చింది, అదే అర్థం కావట్లా.

శూన్యం_నుంచి
జాకోబీ పద్ధతిలో చేస్తుంటే ముందు డయాగొనల్ డామినెన్స్ చూసుకో. 3, 2 డయాగొనల్ లో ఉన్నాయి, పక్కన −1 లు, కాబట్టి కన్వర్జ్ అవుతుంది. నాలుగైదు ఇటరేషన్లు వేస్తే సమాధానం దగ్గరికి వస్తావు. గాస్ సీడెల్ అయితే ఇంకా త్వరగా.

చుక్కల_ముగ్గు
@శూన్యం_నుంచి అది రెండు సమీకరణాలు సాల్వ్ చేసే పద్ధతండీ, ఇక్కడ అడిగింది ఇంటిగ్రల్ లో వేరియబుల్స్ మార్చడం. పేరు ఒకే జాకోబీదే లెండి, 1841లో ఈ డిటర్మినెంట్ల మీద పెద్ద వ్యాసం రాశాడు, అందుకే రెండు చోట్లా ఆయన పేరే తగులుతుంది.

అసలు సంగతికొస్తాను. భీమవరం అబ్బాయి లిమిట్స్ సరిగ్గానే ఉన్నాయి, 0 నుంచి 5. @రూల్_ఈజ్_రూల్ చేసిన లెక్కా సరైనదే. కానీ "లిమిట్స్ తప్పు, గుణించడం రైటు" అన్నది మాత్రం కాదు. ఇద్దరికీ వచ్చిన 5 ఒకే 5 కాదు, అసలు చిక్కంతా అక్కడుంది. రూల్ గారు x, y లని u, v ల్లో రాసి, ఆ x, y లని డిఫరెన్షియేట్ చేశారు. ఆ 5 చెప్పేదేంటంటే, uv కాగితం మీద ఒక చదరపు యూనిట్ xy కాగితం మీదకి వెళ్తే 5 యూనిట్లంత సాగుతుంది అని. భీమవరం అబ్బాయి p, q లని x, y ల్లో రాసి, ఆ p, q లని డిఫరెన్షియేట్ చేశాడు. ఆ 5 ఎదురు దిక్కుది. xy కాగితం మీద ఒక యూనిట్ pq కాగితం మీదకి వెళ్తే 5 యూనిట్లవుతుంది.

మరి మనం ఇంటిగ్రేట్ చేసేది pq కాగితం మీద, కావాల్సింది xy మీద ఏరియా. కాబట్టి dx dy = (1/5) dp dq. 62.5 ని 5 తో భాగించు, 12.5 వస్తుంది.

గుణించాల్సిన చోట భాగించినా, భాగించాల్సిన చోట గుణించినా సమాధానం డిటర్మినెంట్ స్క్వేర్ అంత తేడా వస్తుంది. 312.5 ని 12.5 తో భాగించి చూడు, 25. అంటే 5 స్క్వేర్. జాకోబియన్ కాన్‌స్టెంట్ గా ఉన్న లెక్కల్లో పుస్తకానికీ నీకూ తేడా సరిగ్గా స్క్వేర్ గా కనిపిస్తే ముందు ఇదే అనుమానించు.

భీమవరం_ఈసీఈ
అమ్మో, 25 రెట్లు! అది గమనించనే లేదు మేడమ్. అయితే నా p అంటే రూల్ బ్రో u కి ఐదు రెట్లు, p = 5u, q = 5v, అంతేనా?

చుక్కల_ముగ్గు
అంతే. uv చదరం ఏరియా 1, pq చదరం ఏరియా 25, మధ్యలో xy బొమ్మ ఏరియా 5. 1 నుంచి 5 కి వెళ్లడానికి గుణించాలి, 25 నుంచి 5 కి రావడానికి భాగించాలి. లెక్క ఇచ్చినవాళ్లు అంకెలు ఇలా ఎంచుకోకపోతే మీ ఇద్దరి మధ్య వాదనే వచ్చేది కాదు.

రూల్_ఈజ్_రూల్
సరే ఒప్పుకుంటా, అయినా నేను చెప్పింది నిలబడుతుంది. ముందు x, y ల కోసం సాల్వ్ చేసుకుని, పాత వేరియబుల్స్ ని కొత్త వాటితో డిఫరెన్షియేట్ చేస్తే ఎప్పుడూ గుణించడమే, తిరగెయ్యాలా వద్దా అనే ప్రశ్నే రాదు. p, q లని సాల్వ్ చేస్తే x = (2p + q)/5, y = (p + 3q)/5, డిటర్మినెంట్ 6/25 − 1/25 = 1/5. గుణించు, అయిపోయింది. ఈ తిరగెయ్యడం షార్ట్‌కట్ వల్లే పిల్లలు పొరబడుతున్నారు.

తిరగలి_రాయి
గీతలు ఇచ్చిన లెక్కలో x, y కోసం సాల్వ్ చేస్తూ కూర్చుంటే పరీక్షలో టైం ఎవడిస్తాడు. ముందు p, q వైపు డిటర్మినెంట్ తీసి, తిరగేసి, ముందుకెళ్లడమే. గీతలు ఇస్తే తిరగెయ్, మూలలు ఇస్తే గుణించు, నేను ఇలాగే గుర్తుపెట్టుకున్నా, ఇప్పటిదాకా తేడా రాలేదు.

రూల్_ఈజ్_రూల్
@తిరగలి_రాయి మూలలు ఇచ్చిన లెక్కలో కూడా కొంతమంది గీతల సమీకరణాలు రాసుకుని p, q పెడతారు. అప్పుడు నీ గుర్తు పనిచెయ్యదు.

తిరగలి_రాయి
అప్పుడు గీతలు వాడినట్టే కదా, తిరగెయ్యాలి. 😀

ప్లాట్_నెం_17
ఇది చదువుతుంటే మా స్థలం గొడవ గుర్తొచ్చింది. రోడ్డు వైపు 40 అడుగులు, పక్క 60 అడుగులు, కానీ స్థలం ఏటవాలుగా ఉంది, నాలుగు మూలలూ తిన్నగా ఉండవు. అమ్మినాయన కాగితంలో 40 ఇంటూ 60, 2400 చదరపు అడుగులు అని రాయించాడు. తర్వాత టేపు పెట్టి రోడ్డు గీతకి నిట్టనిలువుగా వెనక గీత దాకా కొలిస్తే 54 అడుగులే. 40 ఇంటూ 54, 2160. గజాల్లో 240. కాగితం ప్రకారం 266 చిల్లర గజాలకి డబ్బు కట్టాం. దాదాపు 27 గజాలు గాల్లోకి పోయాయి. దీనికి మీ డిటర్మినెంట్ కి సంబంధం ఉందా లేక నేను ఊరికే కలుపుతున్నానా?

చుక్కల_ముగ్గు
నేరుగా సంబంధం ఉందండీ. రోడ్డు వైపు భుజాన్ని (40, 0) అని రాయండి. పక్క భుజం 60 పొడుగు, నిలువుగా 54 ఎక్కిందంటే పక్కకి సుమారు 26 అడుగులు జరిగింది, కాబట్టి (26, 54). డిటర్మినెంట్ 40·54 − 0·26 = 2160. పక్కకి జరిగిన ఆ 26 ఏరియాకి ఏమీ కలపదు, సున్నాతో గుణమైపోతుంది. భుజాల పొడుగులు గుణిస్తే ఏటవాలు లెక్కలోకి రాదు, డిటర్మినెంట్ లో వస్తుంది. మీకు జరిగినదాన్లో కొలత తప్పలేదు, గుణకారం తప్పింది.

ప్లాట్_నెం_17
అదే మాట అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయారు. కాగితం మీద ఇప్పటికీ 2400 అనే ఉంది.

బెజవాడ_సెకండియర్
నాకు వేరే డౌట్, ఎవరూ క్లాసులో చెప్పలేదు. x = 2u + v, y = u + 3v అయితే dx = 2du + dv, dy = du + 3dv. రెండూ గుణిస్తే 2 du² + 7 du dv + 3 dv² వస్తుంది. du², dv² ఏంటో తెలీదు కాబట్టి వదిలేశాననుకోండి, 7 మిగులుతుంది. జవాబు 5 అంటున్నారు. 6 కి 1 కలపకుండా తీసెయ్యాలని ఎవరు చెప్పారు?

మూలవిరాట్టు
మంచి చోట పట్టుకున్నావు. 1769లో ఆయిలర్ కూడా సరిగ్గా ఇలాగే గుణించి చూశాడు. బొమ్మని ఊరికే తిప్పి పక్కకి జరిపినా ఏరియా మారకూడదు కదా, అలాంటి మామూలు మార్పుకే గుణకారం అర్థం లేని ముక్కలు ఇచ్చింది. దాంతో ఆయన ఆ దారి వదిలేసి ఒక్కోసారి ఒక్కో వేరియబుల్ మారుస్తూ వెళ్లాడు.

తప్పు ఎక్కడంటే, dx dy అనేది dx అనే పొడుగుని dy అనే పొడుగుతో గుణించడం కాదు. అది ఒక బుల్లి గడి ఏరియా. u వైపు చిన్న అడుగు వేస్తే xy కాగితం మీద (2, 1) దిక్కులో కదుల్తావు, v వైపు వేస్తే (1, 3) దిక్కులో. ఆ రెండు అడుగుల మధ్య ఏర్పడే వాలు గడి ఏరియా కావాలి. ఇప్పుడు ఒకే అడుగుని రెండుసార్లు వేస్తే గడే ఏర్పడదు, ఏరియా సున్నా. అందుకే du², dv² పోతాయి, నువ్వు తెలీక వదిలేసినా వదలడం కరెక్టే. ఇక du ముందు, dv తర్వాత తీసుకుంటే ఒక తిరుగుడు, dv ముందు, du తర్వాత తీసుకుంటే ఎదురు తిరుగుడు, అంటే గుర్తు మారుతుంది. dx లో 2du ని dy లో 3dv తో కలిపితే +6. dx లో dv ని dy లో du తో కలిపితే వరస తారుమారైంది కాబట్టి −1. 6 − 1 = 5. నీ 7 ఆ తారుమారుని పట్టించుకోని అంకె.

బెజవాడ_సెకండియర్
అంటే మైనస్ గుర్తు పైనుంచి దించిన రూల్ కాదన్నమాట, ఒక గడిని రెండు వైపుల నుంచి తిప్పినట్టు. (2,1), (4,2) అని ఒకే దిక్కులో ఉంటే 2·2 − 1·4 = 0 వస్తుంది, బొమ్మ కూడా నలిగి గీతైపోతుంది. 7 పద్ధతిలో అయితే 4 + 4 = 8 వచ్చేది, గీతకి ఏరియా 8 ఏంటి. ఇప్పుడు నమ్ముతున్నా.

చుక్కల_ముగ్గు
నా పేరు చూసి ఎవరో ఒకరు అడుగుతారనుకున్నా, అడగలేదు కాబట్టి నేనే చెప్తా. 5 కంటికి కనిపించే దారి ఉంది. నేల మీద ముగ్గుకి పెట్టినట్టు అడ్డంగా నిలువుగా ఒక్కో యూనిట్ దూరంలో చుక్కలు పెట్టండి. (0,0), (2,1), (3,4), (1,3) చుక్కలు కలిపితే మన బొమ్మ. లోపల పడే చుక్కలు లెక్కపెట్టండి: (1,1), (1,2), (2,2), (2,3). నాలుగు. భుజాల మధ్యలో చుక్కలేవీ లేవు. ఇక మూలల్లో నాలుగు చుక్కలున్నాయి, ఒక్కో మూల చుక్కలో కొంత ముక్కే మన బొమ్మలోకి వస్తుంది, నాలుగు మూలల కోణాలూ కలిపితే 360 డిగ్రీలు కాబట్టి ఆ ముక్కలన్నీ కలిపి ఒక నిండు చుక్క. 4 + 1 = 5. మూలలు పూర్ణాంకాల్లో ఉన్న సమాంతర చతుర్భుజాలకి ఈ లెక్క సరిపోతుంది, భుజాల మీద చుక్కలు పడితే వాటిని సగం సగం లెక్కెయ్యాలి, అంతే.

భీమవరం_ఈసీఈ
రఫ్ నోట్ లో వేసి చూశా, సరిగ్గా నాలుగే పడ్డాయి!! సరే ఇంకోటి. పొరపాటున q ని ముందు, p ని తర్వాత రాస్తే డిటర్మినెంట్ −5 వస్తోంది. అప్పుడు సమాధానం −12.5 అవ్వాలా?

రూల్_ఈజ్_రూల్
మోడ్ వెయ్యాలి. ఎప్పుడూ మోడ్.

బెజవాడ_సెకండియర్
ఎప్పుడూ అంటే ఎందుకు? ఇంటర్ లో ఒక్క వేరియబుల్ సబ్‌స్టిట్యూషన్ చేసినప్పుడు x = −2t పెడితే dx = −2dt అని మైనస్ తోనే రాశాం, మోడ్ వెయ్యలేదు, అయినా సరిగ్గానే వచ్చింది.

మూలవిరాట్టు
అక్కడ మైనస్ ని లిమిట్స్ మింగేశాయి. x 0 నుంచి 4 దాకా పోతే t 0 నుంచి −2 దాకా వెనక్కి పోతుంది, ఆ వెనక్కి పోవడంలో ఇంకో మైనస్, రెండూ కలిసి ప్లస్. డబుల్ ఇంటిగ్రల్ లో మనం p ని 0 నుంచి 5, q ని 0 నుంచి 5 అని ఎప్పుడూ చిన్నదాని నుంచి పెద్దదానికే రాస్తున్నాం, వెనక్కి పోవట్లేదు. ఆ మైనస్ ని తీసుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి మనమే మోడ్ తో తీసెయ్యాలి. ఒక వేరియబుల్ లో కూడా లిమిట్స్ చిన్నది కింద, పెద్దది పైన అని పట్టుబడితే అక్కడా మోడే పడేది.

మైనస్ గుర్తుని తీసెయ్యకుండా అలాగే ఉంచే పద్ధతి కూడా ఉంది, అందులో dx dy బదులు పైన చెప్పిన వరస లెక్కే నడుస్తుంది, p, q ఏ వరసలో తిరుగుతున్నాయో కూడా రాసుకోవాలి. నా వరకూ మొదటి ఏడాదిలోనే అది చెప్తే మేలు. మోడ్ ఎందుకో తెలీకుండా వేస్తే తర్వాత సర్ఫేస్ ఇంటిగ్రల్స్ దగ్గర అదే మోడ్ వేసి మునుగుతారు.

చుక్కల_ముగ్గు
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోనండీ. ఏరియా కావాల్సిన పిల్లాడికి దిక్కుల గోల ముందే పెడితే రెండూ కలగాపులగం అవుతాయి. మోడ్ వేయించి, సర్ఫేస్ ఇంటిగ్రల్ దగ్గరకొచ్చినప్పుడు ఇక్కడ మోడ్ ఎందుకు వెయ్యట్లేదో చెప్తే సరిపోతుంది. పదకొండేళ్లుగా అలాగే చెప్తున్నా.

మూలవిరాట్టు
మీ క్లాసులో అలా చెప్తారేమో, చాలా చోట్ల ఆ రెండో మాట చెప్పేవాళ్లు ఉండరు.

గంపెడు_డేటా
మోడ్ మర్చిపోతే, తిరగెయ్యడం మర్చిపోతే ఏమవుతుందో మా ప్రాబబిలిటీ వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. X, Y రెండూ 0 నుంచి 1 మధ్య యూనిఫాం, ఇండిపెండెంట్. U = X + Y, V = X − Y. డిటర్మినెంట్ −2 వస్తుంది. కొత్త డెన్సిటీ 1/2 అవ్వాలి, ఎందుకంటే UV కాగితం మీద బొమ్మ ఏరియా 2 అవుతుంది. జాకోబియన్ అసలు వెయ్యకపోతే మొత్తం ప్రాబబిలిటీ 2, తిరగెయ్యకుండా 2 తో గుణిస్తే 4, మోడ్ వెయ్యకపోతే −1. ఏదైనా మొత్తం 1 రాకపోతే వెనక్కెళ్లి చూసుకుంటాం. మామూలు ఇంటిగ్రల్ లో అలాంటి కాపలా ఉండదు, అదే ఇబ్బంది.

చుక్కల_ముగ్గు
@గంపెడు_డేటా ఉంటుందండీ, వాడరంతే. ఇంటిగ్రాండ్ స్థానంలో 1 పెట్టి చూడాలి, బొమ్మ ఏరియా రావాలి. భీమవరం అబ్బాయి పద్ధతిలో 25 ఇంటూ 5 అంటే 125 వచ్చేది. కానీ బొమ్మ మొత్తం 3 వెడల్పు, 4 ఎత్తు ఉన్న పెట్టెలో పట్టేస్తుంది, ఆ పెట్టె ఏరియానే 12. అందులో 125 ఎక్కడ పడుతుంది? ఆ ఒక్క లైను రాసుకుంటే రాత్రి నిద్ర పోయేవాడు. 3x − y ఎక్కడా 5 దాటదు, ఏరియా 5, కాబట్టి సమాధానం 25 దాటకూడదు. 312.5 చూడగానే అనుమానం రావాల్సింది.

తిరగలి_రాయి
నమ్మకం లేకపోతే జాకోబియన్ లేకుండా నేరుగా x, y లోనే చెయ్యొచ్చు, నేను చేశా. x ని మూడు ముక్కలు చెయ్యాలి, ఎందుకంటే 1 దగ్గర, 2 దగ్గర కింది గీతో పై గీతో మారుతుంది. 0 నుంచి 1: y అనేది x/2 నుంచి 3x దాకా, 25/24 వచ్చింది. 1 నుంచి 2: x/2 నుంచి (x + 5)/2 దాకా, 25/4. 2 నుంచి 3: 3x − 5 నుంచి (x + 5)/2 దాకా, 125/24. మొత్తం 300/24, అంటే 12.5. ఒకటిన్నర పేజీ పట్టింది.

గంపెడు_డేటా
సిస్టమ్ మీద చూసుకోవాలంటే ఇది చాలు, p, q వైపు డిటర్మినెంట్ కాబట్టి భాగిస్తున్నా:

```python
from sympy import symbols, Matrix, integrate
x, y, p, q = symbols('x y p q')
J = Matrix([3*x - y, 2*y - x]).jacobian([x, y]).det()
print(J)
print(integrate(p/abs(J), (p, 0, 5), (q, 0, 5)))
```

మొదటి లైను 5, రెండో లైను 25/2 ప్రింట్ అవుతాయి.

శూన్యం_నుంచి
నేను ప్రశ్న తప్పుగా చదివా, సారీ. అయితే ఈ తిరగేసే పద్ధతి పోలార్ లో కూడా పనిచేస్తుందా? అక్కడ r అని గుణిస్తాం కదా.

మూలవిరాట్టు
పనిచేస్తుంది, కానీ జాగ్రత్త. ఇక్కడ గీతలన్నీ తిన్నవి, కాబట్టి సాగుడు బొమ్మలో ప్రతి చోటా ఒకటే, 5 ని ఇంటిగ్రల్ బయటకి లాగేశాం. పోలార్ లో సాగుడు చోటుని బట్టి మారుతుంది. r, θ వైపు నుంచి తీస్తే డిటర్మినెంట్ 1/r వస్తుంది, తిరగేస్తే r, అది ఇంటిగ్రల్ లోపలే ఉండాలి. తిరగేశాక కూడా x, y ల్లో మిగిలిపోతే వాటిని కొత్త వేరియబుల్స్ లోకి మార్చాలి. చాలామంది అక్కడ x, y అలాగే వదిలేసి ముందుకెళ్తారు.

రూల్_ఈజ్_రూల్
అందుకే ముందే సాల్వ్ చెయ్యమంటున్నా.

తిరగలి_రాయి
xy = 1, xy = 4 లాంటి వంపు గీతలు ఇచ్చినప్పుడు సాల్వ్ చేసి చూపించు, స్క్వేర్ రూట్లతో డిఫరెన్షియేట్ చేస్తూ కూర్చుంటావు.

భీమవరం_ఈసీఈ
తర్వాతి లెక్క నేనే చేశా, చూసి చెప్పండి. x − y = −1, x − y = 1, x + y = 1, x + y = 3 మధ్య (x − y)² ఇంటిగ్రేట్ చెయ్యాలి. u = x − y, v = x + y. u, v ల వైపు నుంచి డిటర్మినెంట్ 1·1 − (−1)(1) = 2. ఎదురు దిక్కు కాబట్టి 1/2. ముందు 1 పెట్టి చూశా: uv చదరం 4, సగం 2. మూలలు (1,0), (2,1), (1,2), (0,1), ఇది √2 భుజం ఉన్న చదరం, ఏరియా 2, సరిపోయింది. చుక్కలు కూడా చూశా, లోపల (1,1) ఒక్కటే, మూలలవి కలిపి ఇంకొకటి, 2. తర్వాత అసలు ఇంటిగ్రల్: u² ని −1 నుంచి 1 దాకా చేస్తే 2/3, v వైపు 2, మొత్తం 4/3, సగం 2/3. (x − y)² ఎక్కడా 1 దాటదు, కాబట్టి 2 లోపు రావాలి, వచ్చింది. వెనక సమాధానం ఇంకా చూడలేదు.

చుక్కల_ముగ్గు
చూడక్కర్లేదు.